రాత్రి మూడింటికి బుర్ర లేపే మీమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఏరా, పడుకున్నావా?" అని బుర్ర అడుగుతుంది. "ఆ, ఇప్పుడే" అంటాడు మనిషి. తర్వాత బుర్ర ఒక్క వాక్యం అంటుంది, అంతే, నిద్ర ఎగిరిపోతుంది. ఈ మీమ్ ఎలా పనిచేస్తుంది, తెలుగులో ఎలా కడితే పేలుతుంది, అందులో ఎంత నిజం ఉంది అని పదేపదే వచ్చే ప్రశ్నలకు ఇవి జవాబులు.

ఓవర్‌థింకింగ్ మీమ్‌లు వందరకాలు ఉన్నాయి కదా, ఇది వాటిలో ఏది?

పరీక్ష రిజల్ట్ గురించి భయపడేది, మెసేజ్‌కి రెండు నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు రాలేదని నలిగిపోయేది కూడా ఓవర్‌థింకింగ్ మీమ్‌లే. అవి జరగబోయేదాని గురించి. ఇది ఎప్పుడో జరిగిపోయి, అందరూ మరిచిపోయి, దిద్దుకునే అవకాశమే లేని దాని గురించి. ఇందులో మూడు ముక్కలు తప్పకుండా ఉండాలి. మనిషి నిద్రకి సిద్ధంగా ఉండాలి. బుర్ర అతనికి సంబంధం లేని మరో మనిషిలా మాట్లాడాలి. గుర్తుకొచ్చే సంగతి పాతదీ, చిన్నదీ అయి ఉండాలి. మూడో ముక్క దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు, దాని సంగతి కింద వస్తుంది.

"నేను ఇలా, నా బుర్ర అలా" అనే రెండు గొంతుల సంభాషణ మొదట 2010లలో ట్విట్టర్, టంబ్లర్ లాంటి చోట్ల ఉత్త అక్షరాల్లోనే తిరిగింది. మంచం మీద కళ్ళు మూసుకున్న మనిషి, పక్కనే గులాబీరంగు మెదడు, చివరి గడిలో విప్పారిన కళ్ళు అనే కార్టూన్ రూపం ఆ తర్వాత వచ్చి అక్షరాల రూపాన్ని మింగేసింది. తెలుగులో ఆ చివరి గడిని చాలామంది సినిమా స్టిల్‌తో నింపుతారు. ఎక్కువసార్లు అది బ్రహ్మానందం ముఖమే.

నిజంగా మూడింటికేనా? పడుకోగానే వస్తుందా, మధ్యలో లేపుతుందా?

మీమ్ రెండు వేర్వేరు రాత్రులను ఒకటిగా కలిపేసింది. ఒకటి, ఫోన్ చూస్తూ చూస్తూ రెండున్నర దాటించి, మూడింటికి లైటు తీసే రాత్రి. అక్కడ నిద్ర ఇంకా మొదలే కాలేదు. రెండోది, పదకొండింటికే పడుకుని మూడింటి ప్రాంతంలో ఉన్నట్టుండి మెలకువ వచ్చే రాత్రి.

రెండోదాని వెనక ఓ మామూలు లెక్క ఉంది. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. పదకొండింటికి నిద్ర పట్టిందనుకుంటే మొదటి చుట్టు పన్నెండున్నరకి, రెండోది రెండింటికి, మూడోది మూడున్నరకి ముగుస్తాయి. గాఢనిద్రలో ఎక్కువ భాగం మొదటి చుట్లలోనే అయిపోతుంది. ఆ తర్వాతవి పల్చటి నిద్ర, కలల నిద్ర ఎక్కువగా ఉండే చుట్లు. చుట్టుకీ చుట్టుకీ మధ్య అందరికీ కాస్త మెలకువ వస్తుంది, మామూలుగా పక్కకి ఒత్తిగిలి మళ్ళీ పడుకుంటాం, పొద్దున గుర్తు కూడా ఉండదు. ఆ సందులో బుర్ర ఏదైనా పట్టుకుంటే మాత్రం మెలకువ నిలబడిపోతుంది. ఒకరి చుట్టు మరొకరి చుట్టుతో నిమిషాలతో సహా కలవదు కాబట్టి మీకు రెండుంపావు కావచ్చు, నాలుగు కావచ్చు. మీమ్‌కి మాత్రం మూడే బాగుంటుంది. రెండంటే ఇంకా మేలుకుని ఉన్నారనిపిస్తుంది, నాలుగంటే పాలవాడు వచ్చేస్తాడు.

పగలంతా గుర్తురాని సంగతి పడుకోగానే ఎందుకు వస్తుంది?

పగలు బుర్రకి బయటి పని ఉంటుంది. బస్సు ఎక్కాలి, ఫోన్ ఎత్తాలి, కూర మాడకుండా చూడాలి. బయటి పని ఆగినప్పుడు మెదడులో మరో గుంపు భాగాలు చురుకవుతాయని 2001లో మార్కస్ రైకెల్ బృందం ఒక పేరు పెట్టి చెప్పింది. డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని ఇప్పుడు అందరూ అనేది దాన్నే. మన గురించి మనం అనుకోవడం, పాతవి తవ్వడం, వాళ్ళేమనుకున్నారో ఊహించడం అన్నీ అక్కడి పనులే. చీకటి గదిలో, చేతిలో ఏమీ లేకుండా, చెవిన ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ పడకుండా పడుకోవడమంటే దానికి పూర్తిగా తలుపులు తెరవడమే.

పిలవకుండా వచ్చే జ్ఞాపకాల మీద డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన డోర్తె బెర్న్‌ట్‌సెన్ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆమె చూపించిన వాటిలో మీమ్‌కి పనికొచ్చేవి రెండు. ఇవి ధ్యాస దేనిమీదా నిలవనప్పుడు ఎక్కువ వస్తాయి. చాలావాటికి వెతికితే ఓ చిన్న తీగ దొరుకుతుంది. అంటే బుర్ర లాటరీ తీయడం లేదు. రాత్రి పదింటికి స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పాత ఫొటో పెట్టారు, మీరు ఓ క్షణం చూసి వదిలేశారు. రేపు ఆఫీసులో నలుగురి ముందు మాట్లాడాలి. మూడింటికి ఏడో తరగతి వక్తృత్వపు పోటీలో పద్యం మధ్యలో ఆగిపోయింది గుర్తొస్తే, ఆ తీగ ఫొటోదీ కావచ్చు, రేపటి మీటింగ్‌దీ కావచ్చు. మీమ్‌లో "ఎక్కడినుంచి ఊడిపడింది" అన్నట్టు కనిపించడానికి కారణం, ఆ తీగ మనకి కనబడకపోవడమే.

జీవితంలో పెద్ద తప్పులు ఉండగా, టీచర్‌ని "అమ్మా" అన్నదే ఎందుకు వస్తుంది?

పెద్ద తప్పుల గురించి ఎవరితోనో మాట్లాడి ఉంటాం, క్షమాపణ చెప్పి ఉంటాం, గొడవపడి ఉంటాం. వాటికి ఓ ముగింపు ఉంటుంది. "అమ్మా" అన్న దానికి ముగింపు లేదు. అప్పుడు తల దించుకున్నాం, ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేంత పెద్ద విషయమూ కాదు. అలాగే ఉండిపోయింది.

గుండె దడదడలాడిన క్షణాలు మామూలు క్షణాలకంటే గట్టిగా ముద్రపడతాయి. సిగ్గు అలాంటి దడే. పైగా పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు జరిగినవి తర్వాతి వయసులో ఎక్కువ గుర్తుంటాయన్నది జ్ఞాపకాల పరిశోధనలో పదేపదే కనబడిన విషయం. స్కూలు, ఇంటర్, హాస్టలు, మొదటి ఉద్యోగం అన్నీ ఆ వయసులోవే. అందుకే ఈ మీమ్‌లలో తరగతి గది అన్నిసార్లు వస్తుంది.

ఇంకో వింత కూడా గమనించండి. ఆ జ్ఞాపకంలో మీకు మీరే కనిపిస్తారు. ఎర్రబడ్డ ముఖం, వణికే చేయి, మీ వైపు తిరిగిన తలలు. కానీ ఆ రోజు మీ ముఖం మీకు కనిపించే వీలే లేదు. ఇలా బయటినుంచి చూసినట్టుండే జ్ఞాపకాల గురించి నీగ్రో, నైసర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1983లోనే రాశారు. నలుగురి కళ్ళలో పడ్డామన్న స్పృహ ఎక్కువగా ఉన్న సందర్భాలు ఇలా గుర్తుకు రావడం ఎక్కువ. అంటే మూడింటికి ఆడే ఆ సినిమాలో కొంత భాగం తర్వాత తీసిందే.

తెలుగులో ఇలాంటి మీమ్ ఎలా రాయాలి? ఒకటి మొదటినుంచి చేసి చూపిస్తారా?

సంగతి ఇది అనుకుందాం: ఇంటర్ మొదటి రోజుల్లో అటెండెన్స్ తీస్తుంటే "ప్రెజెంట్ మేడమ్" అనబోయి "ప్రెజెంట్ అమ్మా" అనేశారు. చాలామంది మొదటిసారి దాన్ని ఇలా రాస్తారు:

"రాత్రి మూడు గంటలకు నేను నిద్రపోవడానికి ప్రయత్నిస్తుంటే నా మెదడు నాకు కాలేజీలో జరిగిన అవమానకరమైన సంఘటనలన్నీ గుర్తుచేస్తుంది"

ఇది మీమ్ కాదు, మీమ్‌కి వివరణ. "అవమానకరమైన" అనే మాట నవ్వుని చంపేసింది, ఎందుకంటే అది అవమానమని చదివేవాళ్ళే పట్టుకోవాలి. "సంఘటనలన్నీ" అన్నారు కానీ ఒక్కటీ చూపించలేదు. "మెదడు" అనేది డాక్టరు రిపోర్టు మాట, మనతో మాట్లాడేది బుర్ర.

రెండో ప్రయత్నం:

బుర్ర: పడుకున్నావా?
నేను: ఆ, ఇప్పుడే. గుడ్ నైట్.
బుర్ర: నీకు గుర్తుందా, ఇంటర్‌లో మేడమ్‌ని అమ్మా అన్నావు.
నేను: అయ్యో! ఇంక నిద్ర రాదు!

బతికింది కానీ చివరి వాక్యం బరువు. నిద్ర పోయిందని చెప్పాల్సింది బొమ్మ, అక్షరాలు కాదు. మూడో వాక్యంలో "నీకు గుర్తుందా" అన్నది అక్కర్లేని ముందుమాట. అది వినగానే చదివేవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు, దెబ్బ తగలదు. పైగా "మేడమ్‌ని అమ్మా అన్నావు" అంటే జరిగింది చెప్పినట్టుంది, జరిగినట్టు లేదు.

మూడో ప్రయత్నం:

బుర్ర: ఏరా, పడుకున్నావా?
నేను: ఆ.
బుర్ర: రోల్ నంబర్ 34.
నేను: వద్దు.
బుర్ర: "ప్రెజెంట్ అమ్మా."

ఇక్కడ పని చేసినవి చూడండి. రోల్ నంబర్ అనగానే చదివేవాళ్ళు సగం ఊహించేస్తారు, "వద్దు" అనగానే మిగతా సగం. చివరి మాట ఆ రోజు నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే, కొటేషన్లలో వచ్చింది. దాని తర్వాత ఇంక ఏ అక్షరమూ లేదు. లెక్క చెప్పమంటే, మొత్తం పదిహేను మాటలు దాటకుండా, చివరి పంక్తి నాలుగు మాటలు మించకుండా చూసుకోండి. ఫోన్ తెర మీద ఒక్క చూపులో చదవగలిగేది అంతే.

సంగతి ఎంత చిన్నదైతే అంత పేలుతుంది. బస్టాండులో వేరే ఎవరికో ఊపిన చేతికి మనం చేయి ఊపడం. పెళ్ళిలో "హ్యాపీ మ్యారీడ్ లైఫ్" అనబోయి "హ్యాపీ బర్త్‌డే" అనడం. "హ్యాపీ బర్త్‌డే" అని ఫోన్ చేసినవాళ్ళకి "సేమ్ టు యూ" అనడం. పెట్రోలు బంకులో మనవాడి బండి అనుకుని తెలియని మనిషి బండెక్కి కూర్చుని "పోనీ" అనడం. వీటిలో ఎవరికీ నష్టం లేదు, అందుకే నవ్వొస్తుంది. ఎవరైనా ఏడ్చింది, ఎవరికైనా దెబ్బ తగిలింది అయితే ఈ అచ్చులో ఇమడదు.

బుర్ర ఎలా మాట్లాడాలి? మర్యాదగానా?

"ఒరేయ్", "ఏరా", "ఏమే" అనే చనువుతోనే. బుర్ర మనకి బాగా దగ్గరి, కాస్త దుర్మార్గపు స్నేహితుడు. "మీరు నిద్రించారా?" అంటే కస్టమర్ కేర్ అయిపోతుంది. అదే నవ్వు కావాలనుకుంటే వేరే సంగతి. ఒక్కసారి వాడొచ్చు, రెండోసారి పాతబడుతుంది. యాస మీ ఇంట్లో మాట్లాడేదే పెట్టండి. తెలంగాణలో "ఏందిరా, పండుకున్నవా?" అన్నది గుంటూరు పేజీ చూసి "ఏరా, పడుకున్నావా?" అని దిద్దితే రెండూ కాకుండా పోతుంది. బుర్ర ఒక యాసలో, మనిషి మరో యాసలో మాట్లాడటం మాత్రం ఘోరం. ఇద్దరూ ఒక్కడే కదా.

తెలుగు లిపిలో రాయాలా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయాలా?

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే టైపు తొందరగా అవుతుంది, ఏ యాప్‌లోనూ విరగదు. కానీ అక్కడ "అమ్మా"కీ "అమ్మ"కీ తేడా కనపడదు. ఈ మీమ్ నడిచేదే అలాంటి ఒక్క దీర్ఘం మీద, ఒక్క పిలుపు మీద. అందుకే మా ఓటు తెలుగు లిపికి. విదేశాల్లో పెరిగి, తెలుగు వినడం వచ్చి చదవడం రాని పిల్లలకి పంపేదైతే ఇంగ్లీషు అక్షరాలే మేలు.

తెలుగు లిపిలో రాస్తే ఒత్తులు విరుగుతున్నాయి, కోసుకుపోతున్నాయి. ఏం చేయాలి?

మూడు రకాల జబ్బులు ఉంటాయి, మూడింటికీ మందు వేరు.

మొదటిది, ఒత్తు అక్షరం కిందికి వెళ్ళకుండా పక్కన పడటం. "అమ్మా" బదులు "అమ్‌మా"లాగా కనిపిస్తుంది. అంటే ఆ యాప్‌కి తెలుగు అక్షరాలు కలపడం తెలియదు, లేదా ఆ సదుపాయం మూసి ఉంది. ఫొటోషాప్‌లో అయితే టైప్ సెట్టింగ్స్‌లో ప్రపంచ భాషలకు ఉద్దేశించిన వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే చాలావరకు సరవుతుంది. ఫోన్ యాప్‌లో అలాంటిదేమీ లేకపోతే, ఆ యాప్‌ని వదిలేసి వేరేది చూడటమే.

రెండోది, మీరు ఎంచుకున్న ఫాంటు రాకుండా సన్నటి వేరే అక్షరాలు రావడం. మీమ్‌లకి అలవాటైన ఇంపాక్ట్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, అందుకే ఫోన్ తన దగ్గరున్నదేదో వేస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లావుగా, శీర్షికకి సరిపోయేలా ఉంటుంది. సంభాషణకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ నిదానంగా చదివిస్తాయి.

మూడోది, పై పంక్తి ఒత్తులూ కింది పంక్తి తలకట్లూ ఒకదాన్నొకటి ఢీకొట్టడం. ఇంగ్లీషుకి కుదిరిన పంక్తి ఎడం తెలుగుకి చాలదు. అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లు పెట్టి చూడండి. 60 పిక్సెళ్ళ అక్షరానికి పంక్తికీ పంక్తికీ 90 అన్నమాట. ఇంగ్లీషు మీమ్‌లలో ఉండే లావు నల్లటి అంచు తెలుగుకి వద్దు. సున్నాలూ, ఒత్తుల మధ్య సందులూ పూడిపోయి నల్లటి ముద్దవుతుంది. బొమ్మ వెడల్పు 1080 పిక్సెళ్ళయితే అంచు 2, 3 పిక్సెళ్ళు దాటనివ్వకండి. అంతకంటే తేలిక, అక్షరాల వెనక ముదురు పట్టీ వేయడం.

అయిందనుకున్నాక బొమ్మని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, తెరవకుండా చాట్‌లో చిన్నగా ఉన్నప్పుడే చదవండి. చివరి పంక్తి చదవగలిగితే చాలు.

బొమ్మ ఏది పెట్టాలి?

సినిమా స్టిల్ వాడితే నవ్వు తొందరగా వస్తుంది, కానీ ఆ ముఖానికి ఉన్న పాత డైలాగు కూడా వెంట వస్తుంది. మన "ప్రెజెంట్ అమ్మా" దాని కింద నలిగిపోవచ్చు. పైగా స్టిల్ హక్కులు నిర్మాతలవి. నవ్వుకోసం నలుగురూ పంచుకోవడం ఒకటి, అదే బొమ్మతో షాపు ప్రకటన చేయడం వేరు.

సొంతంగా గీస్తే రెండే గీతలు చాలు: చీకట్లో రెండు తెల్లటి కళ్ళు, పైన తిరిగే ఫ్యాను. మొదటి గడిలో కళ్ళు మూసి, చివరి గడిలో తెరిచి. మధ్యలో పాత సంగతి చూపించాలనుకుంటే పైన చెప్పిన వింతని వాడుకోండి. మీ కళ్ళతో చూసినట్టు కాకుండా, తరగతి గది పై మూల నుంచి సీసీ కెమెరా చూసినట్టు గీయండి. అందరి తలలూ ఒక్కడి వైపు తిరిగి ఉండాలి. ఎందుకో చెప్పలేకపోయినా చూసినవాళ్ళు "ఇలాగే గుర్తొస్తుంది" అంటారు.

అవతలివాళ్ళకి నిజంగా గుర్తుండదా, లేక ఊరికే ఓదార్పా?

కొంతమందికి ఉండవచ్చు. మీరనుకున్నంత మందికి మాత్రం కాదు. టామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్, కెనెత్ సవిట్‌స్కీ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఓ విద్యార్థి చేత గాయకుడు బారీ మానిలో ముఖం ఉన్న టీషర్టు వేయించారు. ఆ కుర్రకారుకి అది వేసుకోవడం సిగ్గుచేటు. దాంతో తోటివాళ్ళు కూర్చున్న గదిలోకి పంపి, "ఎంతమంది ఆ బొమ్మ ఎవరిదో గమనించి ఉంటారు?" అని అడిగారు. "ఇంచుమించు సగం మంది" అన్నది వేసుకున్నవాళ్ళ అంచనా. నిజంగా గమనించింది దాదాపు నాలుగో వంతు. వాళ్ళు దీనికి స్పాట్‌లైట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు.

అది ఆ క్షణంలో గమనించడం గురించి. పదేళ్ళ తర్వాత గుర్తుండటం సంగతి మీరే లెక్కేసుకోవచ్చు. మీ ఇంటర్ సెక్షన్‌లో వేరేవాళ్ళకి జరిగిన ఇలాంటి సంగతులు ఎన్ని గుర్తున్నాయో, పేరుతో సహా రాయండి. చాలామందికి రెండు దాటవు. అవి కూడా నవ్వుతూ గుర్తొస్తాయి, అసహ్యంతో కాదు. మినహాయింపు ఒకటుంది. ఆ సంగతి వల్ల మీకు ముద్దుపేరు పడి, పదేళ్ళు అందరూ అలాగే పిలిస్తే వాళ్ళకి గుర్తున్నట్టే. అలాంటి కథ ఈ మీమ్‌కి పనికిరాదు కూడా, దానిలో రహస్యం లేదు.

"ఆలోచించకు" అని గట్టిగా అనుకుంటే ఇంకా ఎక్కువవుతోంది. ఎందుకు?

మనస్తత్వ పరిశోధకుడు డేనియల్ వెగ్నర్ 1987లో విద్యార్థులతో "ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దు, వస్తే గంట కొట్టండి" అన్నారు. సగటున నిమిషానికి ఒకసారికి పైగానే గంట మోగింది. ఆపిన తర్వాత అది మామూలుకంటే ఎక్కువ వచ్చింది కూడా. ఆలోచన రాలేదని చూసుకోవాలంటే ఆ ఆలోచనని దగ్గర పెట్టుకునే చూసుకోవాలి, చిక్కు అక్కడే. మూడో ప్రయత్నంలోని "వద్దు" అన్న మాట అందుకే అంత బాగా కుదిరింది.

మరి ఆ రాత్రికి ఏం చేయాలి?

ముందు టైము చూడకండి. మూడు పది అని తెలిసిన క్షణం నుంచి "ఇంకా మూడు గంటలే" అనే లెక్క మొదలై పాత సిగ్గుకి కొత్త దిగులు తోడవుతుంది. గడియారాన్ని గోడవైపు తిప్పండి, ఫోన్‌ని చేతికందని చోట పెట్టండి.

మాటలతో మాటలకి జవాబిస్తే వాదన పెరుగుతుంది, కాబట్టి బుర్రకి బొమ్మలు ఇవ్వండి. కెనడా పరిశోధకుడు లూక్ బోదోయిన్ ప్రచారంలోకి తెచ్చిన కాగ్నిటివ్ షఫుల్ అనే పద్ధతి తెలుగుకి బాగా నప్పుతుంది. ఒక మాట ఎంచుకోండి, "మామిడి" అనుకుందాం. మొదటి అక్షరం మ. మంచం, మబ్బు, మేక, మొక్కజొన్న, ముగ్గు. ఒక్కొక్కటీ కళ్ళ ముందు ఐదారు సెకన్లు నిలబెట్టి వదిలేయాలి. మకారం అయిపోయాక రావాల్సింది డకారం, దానికి మాటలు తక్కువ కాబట్టి దకారంలోకి వెళ్ళండి. రెండు చోట్ల తప్పుతుంది. వస్తువుకీ వస్తువుకీ కథ అల్లితే బుర్ర మళ్ళీ దారి పట్టుకుని కాలేజీకి చేరుతుంది. అంత్యాక్షరిలా పోటీగా తీసుకుంటే గెలవాలన్న ఉత్సాహంతో మెలకువ ఇంకా పెరుగుతుంది. సాదాసీదా వస్తువులే కావాలి, మనుషుల పేర్లు వద్దు.

సుమారు ఇరవై నిమిషాలు అయినట్టనిపించినా నిద్ర రాకపోతే లేచి మరో గదిలో కూర్చోండి. రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించిన ఈ పద్ధతి నిద్రలేమి చికిత్సలో ఇప్పటికీ ఉంది. మంచం అంటే నిద్ర అని ఒంటికి గుర్తుండాలి, మంచం అంటే "ప్రెజెంట్ అమ్మా" అని కాదు. మసక వెలుగులో బట్టలు మడతపెట్టడం లాంటి చప్పటి పని చేసి, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రండి.

రేపటి మీటింగే తీగ అయితే పడుకోబోయే ముందు కాగితం మీద పని జాబితా రాయడం ఉపయోగం. బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకుల మీద చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. పాత సిగ్గుకి ఇది నేరుగా మందు కాదు. దాన్ని లాగుతున్న కొత్త దిగులుకి మందు.

ఆ టైములో ఇవే మీమ్‌లు చూస్తే మనసు తేలికవుతోంది. తప్పా?

మొదటి మీమ్ తేలిక చేస్తుంది, ఎవరో తెలియని మనిషికి కూడా ఇలాగే ఉందని తెలుస్తుంది కాబట్టి. ముప్ఫయ్యోది చేసేదల్లా, వేరేవాళ్ళ సంగతులు చదివి మీవి మరో నాలుగు గుర్తుకు తెప్పించడం. తీగలు పంచిపెట్టే దుకాణం అన్నమాట. చూడాలనుంటే సాయంత్రం చూడండి, అప్పుడు నవ్వు కూడా ఎక్కువ వస్తుంది.

ఇది మామూలేనని నవ్వేసుకోవడం ఎప్పుడు ఆపాలి?

నిద్ర పట్టకపోవడం గానీ మధ్యలో లేవడం గానీ వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా ఉండి, పగటి పని దెబ్బతింటుంటే దాన్ని డాక్టర్లు నిద్రలేమి జబ్బుగా లెక్కేస్తారు. దానికి మొదటి వరస చికిత్స మాత్ర కాదు, నిద్రలేమికోసమే రూపొందించిన సీబీటీ అనే మాటల చికిత్స. పైన చెప్పిన మంచం దిగే పద్ధతి అందులో ఒక భాగం. గుర్తొచ్చేది చిన్న సిగ్గు కాక ఎవరో మీకు చేసిన హాని అయినా, రోజూ తెల్లవారుజామునే లేచి బతుకు మీద విరక్తి అనిపిస్తున్నా అది ఈ మీమ్ పరిధి కాదు. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ లైన్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

స్నేహితుడికి జరిగింది పెట్టొచ్చా?

అడిగి పెట్టండి. మీకది నవ్వులాట, వాడికది మూడింటి జ్ఞాపకం కావచ్చు. ఒప్పుకున్నా పేరు, కాలేజీ, సంవత్సరం తీసేసి "నేను" అని మార్చండి. మీమ్ చెడదు, బాగుపడుతుంది కూడా, చదివేవాళ్ళు ఆ "నేను"లో తమని పెట్టుకుంటారు. ట్యాగ్ చేయడం మాత్రం వద్దు.

మూడింటికి తట్టిన ఐడియాని అప్పుడే పోస్ట్ చేయాలా?

మంచం పక్కన కాగితం ఉంటే చివరి పంక్తి ఒక్కటి గిలికి పడుకోండి. మిగతాది పొద్దున రాసుకోవచ్చు, ఎలాగూ మీకు గుర్తుంటుంది. మధ్యాహ్నం చదివినా నవ్వొస్తే రాత్రి పదిన్నర, పదకొండు మధ్య పెట్టండి. అప్పటికి జనం మంచమెక్కి ఫోన్ చూస్తుంటారు, "రోల్ నంబర్ 34" అక్కడ ఇంకాస్త గట్టిగా తగులుతుంది.